కిలో వెన్న కాస్తే నెయ్యి ఎంత?

సూపర్ మార్కెట్లో కిలో వెన్న ధర, కిలో నెయ్యి ధర పక్కపక్కన పెట్టి చూస్తే వెన్నే చవగ్గా కనిపిస్తుంది. వెన్న కొని ఇంట్లో కాచుకుంటే నాలుగు డబ్బులు మిగులుతాయని చాలామంది అనుకోవడానికి కారణం అదే. కానీ వెన్నలో ఉన్నదంతా నెయ్యి కాదు. ఎంత కాదో తెలిస్తే లెక్క తిరగబడుతుంది.

మన దేశంలో ఆహార ప్రమాణాల ప్రకారం ప్యాకెట్లో అమ్మే టేబుల్ బటర్‌లో కనీసం 80 శాతం పాల కొవ్వు ఉండాలి. నీరు 16 శాతానికి, ఉప్పు 3 శాతానికి మించకూడదు. మిగిలిన కొద్దిపాటి భాగం పాల విరుగుడు లాంటి ఘనపదార్థం. కాచినప్పుడు నీరంతా ఆవిరైపోతుంది. ఉప్పు కొవ్వులో కరగదు కాబట్టి విరుగుడుతో కలిసి అడుక్కు చేరుతుంది. అందుకే ఉప్పు వెన్న కాచినా, జాగ్రత్తగా వడకడితే నెయ్యి ఉప్పగా ఉండదు. ఉప్పదనమంతా గోదారికి పోతుంది.

ఆ గోదారి ఉత్త చేతులతో పోదు, కాస్త నెయ్యిని పీల్చుకునే పోతుంది. గిన్నె గోడలకు, గరిటెకు, వడగట్టే గుడ్డకు ఇంకొంత అంటుకుంటుంది. అన్నీ పోగా, కిలో టేబుల్ బటర్ కాస్తే చేతికొచ్చే నెయ్యి 780 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. నేర్పుగా కాస్తే పది పదిహేను గ్రాములు అటూ ఇటూ అవుతుందేమో కానీ, 80 శాతం కొవ్వున్న వెన్న నుంచి 900 గ్రాముల నెయ్యి ఎవరికీ రాదు.

ఇప్పుడు ధర. వెన్న మీద, నెయ్యి మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. అప్పుడు అమూల్ ప్రకటించిన ధరల్లో 100 గ్రాముల వెన్న 58 రూపాయలు, లీటరు నెయ్యి 610 రూపాయలు. ఒకే సంస్థ, ఒకే రోజు ధరలు కాబట్టి పోల్చడానికి ఇవి బాగా పనికొస్తాయి. పైపైన చూస్తే కిలో వెన్న 580, నెయ్యి 610. ముప్పై రూపాయల తేడాయే కదా అనిపిస్తుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. నెయ్యి ధర లీటరుకు, కిలోకు కాదు. నెయ్యి నీటికంటే తేలిక. లీటరు నెయ్యి తూస్తే 905 గ్రాములే ఉంటుంది. ప్యాకెట్ మీద లీటరు పక్కనే చిన్న అక్షరాల్లో ఈ బరువు కూడా వేస్తారు. అంటే 610 రూపాయల నెయ్యి కిలో లెక్కన 674 రూపాయలు పడుతుంది.

వెన్న వైపు చూద్దాం. 580 రూపాయలు పెడితే వచ్చిన నెయ్యి 780 గ్రాములు. కిలోకు లెక్కకడితే 744 రూపాయలు. గ్యాస్ ఖర్చు పెద్దది కాదు. 14.2 కిలోల సిలిండరు తొమ్మిది వందలనుకుంటే, సన్నటి సెగ మీద వంద గ్రాముల గ్యాస్ కాలినా ఆరేడు రూపాయలే. మొత్తం 750 అయింది. ప్యాకెట్ నెయ్యి కంటే కిలోకు దాదాపు 75 రూపాయలు ఎక్కువ పెట్టి, గంటసేపు పొయ్యి దగ్గర నిలబడ్డట్టు.

సంతలో కొనే తెల్ల వెన్న సంగతి వేరు. అందులో ఉప్పు ఉండదు కానీ, నీరెంతో ప్యాకెట్ మీద రాసి ఉండదు. చిలికాక చల్లటి నీళ్లతో కడిగి, గట్టిగా పిండి ముద్ద చేసిన వెన్నకూ, మజ్జిగ ఇంకా కారుతున్న వెన్నకూ పదిహేను శాతం తేడా రావచ్చు. చూపుతో చెప్పడం కష్టం. ఇంట్లోనే తేల్చుకునే దారి ఒకటుంది. సరిగ్గా 100 గ్రాముల వెన్న తూచి స్టీలు గ్లాసులో వేసి, ఆ గ్లాసును వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టాలి. వెన్న పూర్తిగా కరిగాక అరగంట కదపకుండా వదిలేస్తే తెల్లటి నీళ్లు అడుక్కి దిగి, పసుపుపచ్చటి కొవ్వు పైకి తేలుతుంది. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు బిళ్లలా గట్టిపడుతుంది. దాన్ని పైకి తీసి, తడి తుడిచి తూచాలి. బిళ్ల 72 గ్రాములుంటే, కాచేటప్పుడు పోయే రెండు గ్రాములు తీసేసి, ఆ వెన్నకు 70 శాతం నెయ్యి వస్తుందని ధీమాగా అనుకోవచ్చు.

ఆ అంకె చేతికొస్తే బేరం తేలిక. దుకాణంలో కిలో నెయ్యి 674 అయినప్పుడు, 70 శాతం నెయ్యి వచ్చే వెన్నకు కిలోకు 465 రూపాయలకు మించి పెడితే నష్టమే. 80 శాతం వచ్చే గట్టి వెన్నకైతే 530 దాకా పెట్టవచ్చు. ముందు వెన్నను పరీక్షించి, తర్వాత ధర అడగడం మేలు.

దిగుబడి పొయ్యి మీద కూడా తగ్గుతుంది. నీరు ఉన్నంతసేపూ వేడి వంద డిగ్రీల దగ్గరే ఆగి, చిటపటమని చప్పుడు వస్తుంది. చప్పుడు ఆగి, సన్నటి నురగ రెండోసారి పొంగి, అడుగున మడ్డి లేత గోధుమరంగుకు తిరిగితే దించాల్సిన సమయం వచ్చినట్టు. నాలుగు మునగాకులు వేసేదీ అప్పుడే. ముందే దించితే తూకం ఎక్కువ చూపిస్తుంది కానీ అది నీటి బరువు. ఆ నెయ్యి కొద్ది వారాల్లోనే వాసన వేస్తుంది. దించడం ఆలస్యమైతే మడ్డి మాడి నెయ్యి చేదెక్కుతుంది. పుల్లటి మజ్జిగ కడగకుండా వదిలేసిన వెన్న అయితే మడ్డి ఎక్కువ పడి, నెయ్యినీ ఎక్కువ తాగేస్తుంది.

మరి ఇంటి నెయ్యి ఎప్పుడూ ఖరీదేనా? కాదు. రోజూ పాల మీగడ తీసి, తోడుపెట్టి, చిలికిన వెన్న దగ్గర ఇల్లే గెలుస్తుంది. 6 శాతం కొవ్వున్న లీటరు పాలలో 62 గ్రాముల కొవ్వు ఉంటుంది. కాచి చల్లార్చి మీగడ తీస్తే అదంతా రాదు; పాతిక గ్రాముల నెయ్యి వచ్చిందనుకుందాం. 3 శాతం కొవ్వున్న పాలకూ దీనికీ లీటరుకు 12 రూపాయల తేడా ఉందనుకుంటే, ఆ పాతిక గ్రాముల ఖరీదు 12 రూపాయలు. అంటే కిలో 480. మీగడ తీసేసిన పాలు కూడా 3 శాతం పాలకు తీసిపోవు. నెలకు ముప్పై లీటర్లు వాడే ఇంట్లో ముప్పావు కిలో నెయ్యి ఇలా వస్తుంది. ఆ ఊరి పాల ధరల్లో తేడా ఎంతుందో చూసుకుని ఎవరి లెక్క వాళ్లు సరిచేసుకోవాలి.

ఈ లెక్క ఇంకో రకంగానూ పనికొస్తుంది. 2024లో తిరుమల లడ్డూ నెయ్యి వివాదంలో కిలో 320 రూపాయల ధర బయటికి వచ్చినప్పుడు, అంత తక్కువకు స్వచ్ఛమైన నెయ్యి గిట్టుబాటు కాదని టీటీడీ అధికారులే అన్నారు. వీధి చివర ఎవరైనా 'స్వచ్ఛమైన ఆవు నెయ్యి' కిలో నాలుగు వందలకే ఇస్తానంటే, అందులోకి ఎంత వెన్న వెళ్లాలో, ఆ వెన్న ఎంతకు దొరుకుతుందో ముందు లెక్క వేయండి. మీగడ పోగయ్యే ఇల్లయితే కాచుకోండి. నెయ్యి కోసమే ప్యాకెట్ వెన్న కొంటున్నట్టయితే ఆ డబ్బుతో నెయ్యే కొనండి.