తాతయ్య వచ్చినా కార్డు చూపాల్సిందే

అమెరికాలో వేసవి సెలవులు రెండు నెలలకు పైనే ఉంటాయి. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలు ఆ రోజుల్లో డే క్యాంపుకు వెళ్తారు. సాయంత్రం అక్కడ పిల్లల్ని అప్పగించే తీరు, ఇక్కడి నుంచి వెళ్లిన పెద్దవాళ్లకు మొదట్లో మనసు నొప్పిస్తుంది.

మసాచుసెట్స్ రాష్ట్ర నిబంధనలనే చూడండి. క్యాంపు పిల్లల్ని తల్లిదండ్రులకు గానీ, వాళ్లు రాసిచ్చిన మనిషికి గానీ మాత్రమే అప్పగించాలి. పేరు నమోదైన బిడ్డ పొద్దున రాకపోతే ఏం చేయాలో కూడా క్యాంపు ముందే రాసిపెట్టుకోవాలి. అందుకే హాజరు వేయగానే రానివాళ్ల ఇళ్లకు ఫోన్లు వెళ్తాయి. ఇంటి నుంచి బయల్దేరిన బిడ్డ క్యాంపుకు చేరలేదన్న సంగతి సాయంత్రం దాకా తెలియకపోతే ఎంత ప్రమాదం!

అసలు చిక్కు సాయంత్రమే. బోస్టన్ శివార్లలో ఒక క్యాంపు అనుకుందాం. అమ్మ మీటింగులో ఇరుక్కుపోయి తాతయ్యను పంపింది. మనవడు "తాతా!" అంటూ పరుగెత్తుకొచ్చాడు. అయినా సిబ్బంది వదల్లేదు. ఫారంలో అమ్మ 'రాజు తాతయ్య' అని రాసింది. పాస్‌పోర్టులో ఉన్నది ఇంటిపేరుతో సహా వెంకట సత్యనారాయణ రాజు. అంతలో అమ్మే ఫోన్ చేసి "ఆయన మా నాన్నే, పంపించండి" అంది. సిబ్బంది ఆ మాట విని ఊరుకోకుండా ఫోన్ పెట్టేసి, ఫారంలో ఉన్న అమ్మ నంబరుకు తామే తిరిగి ఫోన్ చేశారు. పూర్తి పేరు రాసి పంపమన్నారు. అది వచ్చాక పాస్‌పోర్టులోని ఫొటో, పేరు సరిచూసి, టైము వేసి, సంతకం పెట్టించుకుని బాబును అప్పగించారు.

ఇది చాదస్తం కాదు. అమ్మనంటూ ఎవరైనా ఫోన్ చేయొచ్చు. ఇక పిల్లవాడు గుర్తుపట్టడం అనుమతి కిందికి రాదు. విడిపోయిన దంపతుల మధ్య గొడవల్లో బిడ్డను చెప్పకుండా తీసుకుపోయే మనిషి ఆ బిడ్డకు బాగా తెలిసినవాడే కావచ్చు. అయితే ఇక్కడ క్యాంపుకూ ఒక హద్దుంది. కోర్టు ఉత్తర్వు లేకుండా, ఒకరు వద్దన్నంత మాత్రాన రెండోవారిని ఆపడం సాధారణంగా కుదరదు. అలాంటి ఉత్తర్వు ఉన్నవాళ్లు దాని కాపీని మొదటి రోజే ఇవ్వాలి.

ఇప్పుడు చాలాచోట్ల యాప్‌లు, పిన్ నంబర్లు వచ్చాయి. ఎవరి పిన్‌తో, ఎన్ని గంటలకు బిడ్డను తీసుకెళ్లారో అవి చక్కగా నమోదు చేస్తాయి. కానీ ఆ పిన్ నొక్కిన చెయ్యి ఎవరిదో వాటికి తెలియదు. గేటు దగ్గర ముఖం చూసి పోల్చే మనిషి ఉండితీరాలి.

కాబట్టి క్యాంపు ఫారం నింపేటప్పుడు పేర్లు గుర్తింపు కార్డులో ఉన్నట్టే రాయండి. అమ్మమ్మో తాతయ్యో వెళ్లే అవకాశం ఏమాత్రం ఉన్నా వాళ్ల పేరు ముందే చేర్చి, కార్డు వెంట ఉంచుకోమని చెప్పండి.