ఫోటోలో పంది: అడవిదా, ఊరిదా?

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో, వేరుశనగ కాయ ఊరే రోజుల్లో ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పందుల ఫోటోలు ఎక్కువవుతాయి. చేను గట్టున ఒక నల్లటి జంతువు, వీపు మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకలు, కింద "అడవి పంది మళ్లీ వచ్చింది" అని ఒక ముక్క. అది నిజంగా అడవి పందే కావచ్చు. ఊరి చివర తిరిగే పెంపుడు పంది కావచ్చు. రెండింటికీ పుట్టిన సంకరమూ కావచ్చు.

ఏదన్నది తేలకపోతే చిక్కులొస్తాయి. అడవి పంది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. పంట పాడు చేసినా సరే, అనుమతి లేకుండా చంపితే కేసవుతుంది. ఊర పందికైతే యజమాని ఉంటాడు. దాన్ని చంపితే ఒక కుటుంబం బతుకుదెరువు మీద దెబ్బ కొట్టినట్టే. పంట నష్టానికి అటవీ శాఖకు దరఖాస్తు పెట్టుకున్నా, వచ్చింది వన్యమృగమేనా అన్న ప్రశ్న మొదట ఎదురవుతుంది.

అడవి పంది, పెంపుడు పంది వేర్వేరు జాతులు కావు. శాస్త్రం రెండింటినీ సస్ స్క్రోఫా అనే పిలుస్తుంది. వేల ఏళ్ల కిందట అడవి పందుల్ని మచ్చిక చేసుకుంటే వచ్చినవే పెంపుడు పందులు. అందుకే ఇవి కలిస్తే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకూ పిల్లలు పుడతాయి. లార్జ్ వైట్ యార్క్‌షైర్ లాంటి తెల్లటి సీమ పందిని అడవి పంది అని ఎవరూ పొరబడరు. చిక్కంతా మన నల్ల ఊర పందితోనే. దానికీ మూతి పొడుగే, చెవులు చిన్నవే, వీపు మీద బిరుసు వెంట్రుకలూ ఉంటాయి. విదేశీ పుస్తకాల్లో తెల్ల పందిని పక్కన పెట్టి చెప్పిన తేడాలు ఇక్కడ సగం పని చేయవు.

మొదట అందరి కళ్లూ పడేది కోరల మీద. నిజానికి నాలుగు గుర్తుల్లో అన్నిటికంటే తక్కువ చెప్పేది కోరే. కోర అడవితనానికి గుర్తు కాదు, మగతనానికీ వయసుకూ గుర్తు. ఏ మగపందికైనా కోరలు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. కింది కోర పైకోరకు రాసుకుని పదునెక్కుతుంది. ఫారాల్లో పందిపిల్లలకు పుట్టిన కొద్దిరోజుల్లోనే సూది పళ్లు కత్తిరిస్తారు, మగవాటికి విత్తులు తీస్తారు, ఏడాది నిండకముందే చాలావాటిని అమ్మేస్తారు. అందుకే పెంపుడు పందికి కోరలుండవన్న అభిప్రాయం పాతుకుపోయింది. విత్తులు తీయని ఊర మగపంది నాలుగైదేళ్లు బతికితే దాని కోరలూ పెదవి దాటి బయటికొస్తాయి. అదే అడవి ఆడపంది కోరలు చిన్నవి, ఫోటోలో చాలాసార్లు కనబడనే కనబడవు. కోర కనిపిస్తే అది వయసొచ్చిన మగపంది అనుకోవచ్చు. అంతకు మించి ఏమీ అనుకోకూడదు.

ముట్టె ఇంకొంచెం నమ్మదగింది. అడవి పందిని పక్క నుంచి చూస్తే నుదుటి నుంచి ముట్టె కొస దాకా గీత దాదాపు తిన్నగా పోతుంది. తల పొడుగ్గా, ముందుకు సన్నబడుతూ ఉంటుంది. సీమ రక్తం ఉన్న పందికి కళ్ల కింద ముఖం లోపలికి నొక్కుకుపోయి, ముట్టె కాస్త పైకి లేచినట్టు ఉంటుంది. అలా నొక్కుకుపోయిన ముఖం కనిపిస్తే పెంపుడు రక్తం ఉన్నట్టే. గీత తిన్నగా ఉన్నంత మాత్రాన అడవిదని తేలదు, ఎందుకంటే చాలా ఊర పందుల ముఖమూ అలాగే ఉంటుంది. పైగా ఫోన్ కెమెరా ఎదురుగా, దగ్గర నుంచి తీస్తే ఏ పంది ముట్టెనైనా పొడుగు చేసి చూపిస్తుంది. పిల్ల పందుల ముట్టె ఏ రకానికైనా పొట్టిగానే ఉంటుంది. కాబట్టి ముట్టెను పెద్ద జంతువులో, పక్క నుంచి తీసిన ఫోటోలోనే చూడాలి.

ఇక వెంట్రుకలు. మన దేశపు అడవి పంది ఉపజాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు క్రిస్టాటస్, అంటే జూలు కలది. మెడ వెనక నుంచి నడుము దాకా నల్లటి బిరుసు జూలు వరసగా ఉంటుంది. బెదిరినప్పుడు అది లేచి నిలబడుతుంది, అప్పుడు జంతువు ఉన్నదానికంటే పెద్దదిగా అనిపిస్తుంది. ఊర పందికీ కొంత జూలు ఉంటుంది కాబట్టి జూలు ఉందా లేదా అన్నది కాదు, వెంట్రుకల రంగు ఎలా ఉందన్నది చూడాలి. అడవి పంది నలుపు ఒకే నలుపు కాదు. నల్ల వెంట్రుకల మధ్య బూడిద, తుప్పు, తెలుపు రంగులు కలిసి ఉంటాయి. పెద్ద వయసు పందికి దవడల మీద, డొక్కల మీద నెరిసినట్టు కనిపిస్తుంది. ఊర పంది వెంట్రుక మొదలు నుంచి కొస దాకా సాధారణంగా ఒకే నలుపు. మచ్చిక చేసిన పందుల్లో రంగును నడిపే ఒక జన్యువు మారిపోయింది. ఆ మార్పే అచ్చమైన నలుపునూ, నలుపు తెలుపు మచ్చలనూ తెచ్చింది.

అందుకే మచ్చ చాలా విలువైన సాక్ష్యం. నుదుటి మీద తెల్ల బొట్టు, కాళ్లకు తెల్ల మేజోళ్లలాంటి పట్టీలు, పొట్ట మీద తెల్లటి అచ్చు కనబడితే ఆ జంతువులో పెంపుడు రక్తం ఉంది. కాకపోతే రంగును పగటి ఫోటోలోనే నమ్మాలి. రాత్రి ట్రాప్ కెమెరా పరారుణ కాంతితో తీస్తుంది, అందులో నల్ల వెంట్రుకలు కూడా బూడిదగా, ఒక్కోసారి తెల్లగా వస్తాయి. ఎర్రమట్టిలో పొర్లిన ఊర పంది పగలు కూడా గోధుమ రంగు అడవి పందిలా కనిపిస్తుంది. ఎండాకాలంలో వెంట్రుకలు రాలి చర్మం బయటపడితే ఏదీ సరిగా తెలియదు.

నాలుగిటిలో నేను ఎక్కువ నమ్మేది ఒంటి తీరు. అడవి పందికి బరువంతా ముందు భాగంలో ఉంటుంది. మెడ పొట్టిగా, భుజం ఎత్తుగా ఉండి, వీపు అక్కడి నుంచి పిర్రల వైపు వాలుతూ పోతుంది. ఒళ్లు పక్కలకు నొక్కినట్టు పలచగా, కాళ్లు పొడుగ్గా ఉంటాయి. బాగా ఎదిగిన మగది భుజం దగ్గర 90 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. పెంపుడు పందిని మనిషి మాంసం కోసం ఎంచి ఎంచి పెంచాడు కాబట్టి బరువు వెనక్కి జరిగింది, నడుము సాగింది. ఆ సాగడం ఎముకల్లోనే ఉంది. అడవి పందికి ఛాతీ, నడుము వెన్నుపూసలు కలిపి 19 ఉంటే, సీమ జాతులకు 21 నుంచి 23 దాకా ఉంటాయి. తప్పించుకుని అడవిలో పడిన పంది కొన్ని నెలల్లో అడవి పందిగా మారిపోతుందని చాలామంది అంటారు. కోర పెరుగుతుంది, వెంట్రుక దట్టమవుతుంది, కొవ్వు కరుగుతుంది, అంతవరకు నిజం. వెన్నుపూసలు మాత్రం తగ్గవు.

ఒంటి తీరు చూసేటప్పుడు తోకనూ, చెవులనూ వదలకూడదు. అడవి పంది తోక తిన్నగా వేలాడుతుంది, కొసన కుచ్చు ఉంటుంది. చుట్టు తిరిగిన తోక, వాలిన చెవి అడవి పందివి కావు. తిన్నటి తోక, నిక్కిన చెవి మాత్రం ఊర పందికీ ఉంటాయి.

సైజును మాత్రం ఫోటోలో అంచనా వేయకూడదు. 2004లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వేటాడిన ఒక పందిని వేలాడదీసి తీసిన ఫోటో ప్రపంచమంతా తిరిగింది. 12 అడుగుల పొడవు, వెయ్యి పౌండ్లు అని ప్రచారం. హాగ్‌జిల్లా అని పేరు కూడా పెట్టారు. మరుసటి ఏడాది నేషనల్ జియోగ్రాఫిక్ తరఫున నిపుణులు దాన్ని తవ్వి తీసి కొలిస్తే పొడవు 8 అడుగులు దాటలేదు. బరువు 800 పౌండ్లు, అంటే సుమారు 360 కిలోలు అని అంచనా కట్టారు. డీఎన్ఏ పరీక్షలో అడవి పంది రక్తంతో పాటు హాంప్‌షైర్ అనే పెంపుడు జాతి రక్తం బయటపడింది. ఫోటో చూసినవాళ్లు అడవి రాక్షసి అనుకున్నది అసలు ఒక సంకరం.

ఇప్పుడు మన చేల దగ్గర దొరికే ఫోటో ఒకటి తీసుకుందాం. పొద్దున ఏడింటికి మొక్కజొన్న చేను గట్టున పక్క నుంచి తీసింది. పెద్ద మగపంది, కోర పెదవి దాటి కనిపిస్తోంది, జూలు లేచి ఉంది. ఇంతవరకు చూసి అడవి పంది అనేయడం సులువు. కోరను పక్కన పెట్టండి. ముఖం గీత తిన్నగా ఉంది, కానీ అది రెండిటికీ కుదురుతుంది. భుజం ఎత్తుగానే ఉన్నా వీపు వాలడం లేదు, నడుము దాకా సమంగా పోయి పిర్రలు గుండ్రంగా నిండి ఉన్నాయి. ఒంటి నలుపు ఎక్కడా నెరవలేదు. ఫోటోను పెద్దది చేస్తే వెనక కుడికాలి గిట్ట పైన నాలుగు వేళ్ల మందాన తెల్ల పట్టీ ఉంది. అది ఎండపొడ కావచ్చు గనక అదే వరసలో తీసిన తర్వాతి ఫోటో చూడాలి. జంతువు నీడలోకి జరిగినా పట్టీ అలాగే ఉంది. వెనకాల గుంపులో రెండు పిల్లలకు ఒంటి మీద చారలున్నాయి, ఒకదానికి నలుపు తెలుపు మచ్చలున్నాయి. అడవి పంది పిల్లలకు మూడు నాలుగు నెలలు వచ్చేదాకా చారలుంటాయి. చారల పిల్లలు, మచ్చల పిల్ల ఒకే ఈతలో ఉంటే రెండు రక్తాలూ కలిశాయని గట్టిగా అనుమానించవచ్చు. ఈ ఫోటోకు రాయదగిన తీర్పు: పెంపుడు రక్తం ఉంది, సంకరం కావచ్చు.

ఇక్కడే ఫోటో హద్దు కూడా తెలుస్తుంది. తెల్ల పట్టీ, చుట్టు తోక, వాలిన చెవి, నొక్కుకుపోయిన ముఖం, వీటిలో ఏ ఒక్కటి స్పష్టంగా ఉన్నా పెంపుడు రక్తం ఉందని చెప్పగలం. ఇవేవీ లేకపోయినంత మాత్రాన అది అచ్చమైన అడవి పంది అని చెప్పలేం. రెండు మూడు తరాల కిందట కలిసిన ఊర రక్తం రూపంలో ఏ జాడా వదలకుండా పోవచ్చు. దాన్ని పట్టేది వేరుతో సహా తీసిన వెంట్రుక మీద చేసే డీఎన్ఏ పరీక్షే.

కాబట్టి ఫోటో తీసేవాళ్లు ఎదురుగా ఒక్కటి తీసి ఊరుకోవద్దు. దూరంగా ఉండి, జంతువు ఎత్తుకే ఫోన్ దించి, జూమ్ చేసి పక్క నుంచి తీయండి. తోక, నాలుగు కాళ్లు ఫ్రేములో పడాలి. గుంపు ఉంటే గుంపంతా, పిల్లలతో సహా రావాలి. ఒకటి కాక వరసగా పది తీస్తే నీడ ఏదో మచ్చ ఏదో తేలుతుంది. ఫిల్టర్లు వేయకుండా, తేదీ, చోటుతో అసలు ఫైలునే బీట్ ఆఫీసరుకు పంపండి. అంతా చూశాక కూడా సందేహం మిగిలితే ఆ జంతువును అడవి పందిగానే లెక్కించాలి. ఎందుకంటే ఊర పందిని అడవి పంది అనుకుని వదిలేస్తే రేపు యజమానిని వెతికి నష్టం మాట్లాడుకోవచ్చు. అడవి పందిని ఊర పంది అనుకుని చంపితే దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.