నెల తప్పకముందే మాత్ర మొదలు

నంద్యాల: పెళ్లయి నాలుగు నెలలైంది. ఇంట్లో పెద్దలు “విశేషమేమైనా ఉందా?” అని అడుగుతూండడంతో ఆళ్లగడ్డ సమీప గ్రామానికి చెందిన నవ దంపతులు నంద్యాలలోని తమ ఇంటి డాక్టరు గారిని కలిశారు.

“నాలుగు నెలలకే బెంగెందుకమ్మా? నూటికి 80కి పైగా జంటలకు ఏడాదిలోపే కడుపు పండుతుంది. నీకింకా 22 ఏళ్లే. 35 దాటినవారైతే ఆరు నెలలకే రావాలి” అన్నారాయన.

“ఎప్పుడు మొదలుపెట్టమంటారు సార్?” అని భర్త అడిగాడు.

“ముందు ఫోలిక్ ఆమ్లం మాత్ర, రోజుకు 400 మైక్రోగ్రాములు. కనీసం ఒక నెల ముందు నుంచి, గర్భం వచ్చాక మూడో నెల దాకా వాడాలి. బిడ్డ వెన్నుపాము గర్భం నిలిచిన నాలుగు వారాల్లోనే రూపు కడుతుంది. నెల తప్పిందని తెలిసేసరికి ఆ పని దాదాపు అయిపోతుంది” అని వివరించారు.

ఆమెకు 32 రోజులకోసారి బహిష్టు వస్తుంది. అండం విడుదలయ్యేది వచ్చే బహిష్టుకు సుమారు 14 రోజుల ముందు. అంటే ఆమెకు 18వ రోజు ప్రాంతం. 13 నుంచి 18 దాకా కలయికకు అనువైన రోజులని డాక్టరు లెక్క కట్టారు. బహిష్టులు క్రమం తప్పేవారికి ఈ లెక్క కుదరదు; వారు ఏడాది ఆగకుండా ముందే చూపించుకోవాలి.

“ఏడాదికీ కాకపోతే దీనికి పరీక్షలు చేస్తారా?”

“మొదట నీకే నాయనా. వీర్య పరీక్ష సులువు, ఖర్చు తక్కువ. లోపం మగవారిలోనూ తరచు ఉంటుంది” అన్నారు డాక్టరు. భర్త తల వంచుకున్నాడు, భార్య నవ్వింది.

తేదీలు గుర్తు పెట్టుకోవడానికి ఇంట్లోని గోడ క్యాలెండరు చాలన్నారాయన.