బీపీ ఎవరు చూడాలి?

అమెరికాలో ఒక ఆసుపత్రి సర్జరీ వార్డును ఊహించుకుందాం. పగటి డ్యూటీకి వచ్చిన రిజిస్టర్డ్ నర్సుకు ఐదుగురు రోగులున్నారు. సాయంగా ఒక నర్సింగ్ అసిస్టెంటు, ఒక ప్రాక్టికల్ నర్సు ఉన్నారు. ముందు అందరికీ బీపీ చూడాలి. ఆ పని ఎవరికి అప్పగించాలి?

ఒక పెద్దాయనకు తుంటి ఆపరేషన్ జరిగి నాలుగు రోజులైంది. నడుస్తున్నాడు, రేపు ఇంటికి వెళ్తాడు. ఆయన బీపీ అసిస్టెంటు చూడవచ్చు. స్నానం చేయించడం, అన్నం తినిపించడం, మూత్రం కొలిచి రాయడం కూడా ఆమె చేసే పనులే.

పక్క గదిలో కడుపు ఆపరేషన్ అయిన మహిళ. థియేటర్ వైపు నుంచి వార్డుకు వచ్చి అరగంటే అయింది. బీపీ యంత్రం అదే, చేతికి కట్టే పట్టీ అదే. అయినా ఆమెను మొదట చూడాల్సింది రిజిస్టర్డ్ నర్సే. లోపల రక్తం కారుతుంటే బీపీ వెంటనే పడిపోదు. ముందు నాడి వేగం పెరుగుతుంది, చర్మం చల్లబడుతుంది, మనిషి అలజడిగా కదులుతుంది. అప్పటికి బీపీ అంకె బాగానే కనిపించవచ్చు. ఈ లక్షణాలన్నీ కలిపి చూసి ప్రమాదాన్ని పసిగట్టడమే అసెస్‌మెంట్. దాన్ని ఎవరికీ అప్పగించకూడదు.

ప్రాక్టికల్ నర్సుకు చదువు ఎక్కువ, కాబట్టి పరిధీ ఎక్కువే. టెక్సస్, కాలిఫోర్నియాల్లో ఆమెను వొకేషనల్ నర్సు అంటారు. నిలకడగా ఉన్న రోగులకు మాత్రలు ఇస్తుంది, కట్టు మారుస్తుంది, గమనించింది రిజిస్టర్డ్ నర్సుకు చెబుతుంది. నరంలోకి నేరుగా మందు ఎక్కించడం వంటి వాటిలో ఒక్కో రాష్ట్రం చట్టం ఒక్కోలా ఉంటుంది. అయితే రోగి వార్డుకు రాగానే చేసే తొలి పరీక్ష, సంరక్షణ ప్రణాళిక, కొత్తగా మధుమేహం వచ్చినవారికి ఇన్సులిన్ గురించి మొదటిసారి నేర్పడం, చేసిన వైద్యం పనిచేసిందో లేదో తేల్చడం రిజిస్టర్డ్ నర్సు బాధ్యతలు.

రక్తం ఎక్కించేటప్పుడు ఈ గీత స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి 15 నిమిషాలు రిజిస్టర్డ్ నర్సు మంచం పక్కనే ఉంటుంది. ప్రాణాంతకమైన రియాక్షన్లు తరచు అప్పుడే మొదలవుతాయి. చలి, జ్వరం, నడుంనొప్పి, ఆయాసం కనిపిస్తే వెంటనే రక్తం ఆపి డాక్టరును పిలవాలి. రోగి నిలకడగా ఉంటే తర్వాతి బీపీలు, జ్వరం చూసే పని అసిస్టెంటుకు ఇవ్వవచ్చు.

ఇచ్చేటప్పుడు మాట ఎలా చెప్పారన్నది ముఖ్యం. ‘‘ఆమెను కాస్త చూస్తుండు’’ అంటే అసిస్టెంటుకు ఏమీ తెలియదు. ‘‘అరగంటకోసారి బీపీ, నాడి చూడు. పై బీపీ 100 కన్నా తగ్గినా, నాడి 110 దాటినా, వణుకుతున్నా వెంటనే నాకు చెప్పు’’ అంటే ఏం చూడాలో, ఎప్పుడు పిలవాలో తెలుస్తుంది. అమెరికా నర్సుల సంఘం, రాష్ట్ర నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి 2019లో కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇదే ఉంది: సరైన పని, సరైన పరిస్థితి, సరైన మనిషి, సరైన సూచన, సరైన పర్యవేక్షణ. అమెరికా వెళ్లాలని ఎన్‌క్లెక్స్ రాసే మన నర్సులకు ఈ ఐదింటి మీద ప్రశ్నలు ఎదురవుతాయి.

అసిస్టెంటు వచ్చి ‘‘బీపీ 92, నాడి 118’’ అంటే, మళ్లీ కొలిచి రమ్మని ఆమెనే తిప్పి పంపకూడదు. రోగి నిలకడ తప్పింది కాబట్టి ఆ పని ఇక అప్పగించదగ్గది కాదు. రిజిస్టర్డ్ నర్సే లేచి వెళ్లి రోగిని చూడాలి.