తెల్లగా తేలదు, జిగటగా అంటదు

ఒక సన్‌స్క్రీన్ జెల్ కంపెనీ తన ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద ఇంగ్లిష్‌లో ఇలా రాసిందనుకుందాం: ‘నో వైట్ కాస్ట్. నో స్టికీ ఫీల్. జస్ట్ యూ అండ్ ద సన్.’ దాని కింద ‘డైలీ సన్‌స్క్రీన్ జెల్, SPF 50 PA++++, డెర్మటాలజికల్లీ టెస్టెడ్’ అని ఉంది. దీన్ని తెలుగులో పెట్టాలి. మొత్తం కలిపి ఇరవై మాటలుండవు, కానీ తప్పటడుగు వేయడానికి ప్రతి మాటలోనూ చోటుంది.

ముందు వీటిని రెండుగా విడదీయాలి. మొదటి మూడు కబుర్లు, మనసు లాగడానికి రాసినవి. వాటిని మన పలుకుబడిలోకి ఎంత మార్చినా ఫర్వాలేదు. కింది వరసలోవి హామీలు. ట్యూబు మీద అచ్చయినవి, పరీక్షల్లో తేలినవి. అక్కడ ఒక్క మాట పెరిగినా, తరిగినా కంపెనీ ఇవ్వని హామీని మనం ఇచ్చినట్టే.

‘వైట్ కాస్ట్’ అంటే జింక్ ఆక్సైడ్ లాంటివి కలిసిన సన్‌స్క్రీన్ రాసుకున్నాక ముఖం మీద మిగిలే తెల్లటి పొర. తొందరలో ఉన్న అనువాదకుడు దీన్ని ‘తెల్లమచ్చలు ఉండవు’ అని రాసేస్తాడు. తెలుగువాళ్లకు తెల్లమచ్చలంటే బొల్లి. చదివినవాళ్లు ఇది బొల్లికి మందనుకుంటారు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఫలానా జబ్బులను నయం చేస్తామని ప్రకటించుకోకూడదని ఒక జాబితా ఇచ్చింది. అందులో బొల్లి కూడా ఉంది. ఒక సౌందర్య సాధనాన్ని ఒక్క మాటతో అంతదూరం తీసుకుపోవచ్చు. ఇళ్లలో దీన్ని ‘పౌడర్ కొట్టినట్టుంది’ అంటారు, లేదా ‘తెల్లగా తేలింది’ అంటారు. ఆ రెండో మాట పొట్టిది, చెవికి ఇంపుగా ఉంది. అదే తీసుకుందాం.

‘స్టికీ’కి ‘జిడ్డు’ సరిపోదు. జిడ్డు నూనెది, స్టికీ అంటే జిగట. జిగట లేకపోయినా జిడ్డు ఉండొచ్చు. కంపెనీ చెప్పింది జిగట సంగతే.

ఇక మూడో ముక్క. ‘కేవలం మీరు, సూర్యుడు’ అని రాస్తే పాఠం అప్పజెప్పినట్టుంటుంది. మనం తిరిగేది ఎండలో. ‘ఎండే కదా, పదండి!’ అంటే హుషారుగానే ఉంది, కానీ తెలుగులో ఎండ అంటే వెలుతురే కాదు, వేడి కూడా. మే నెలలో ఆ మాట వడదెబ్బను తేలిక చేసినట్టవుతుంది. సన్‌స్క్రీన్ వడదెబ్బను ఆపదు. అందుకే ఎండను చిన్నచూపు చూడకుండా ‘రాసుకోండి, ఎండలోకి పదండి’ అంటే చాలు. కంపెనీ కుర్రకారుతో మాట్లాడుతోంది కనుక ‘రాసుకో, పద’ అనొచ్చుగా అంటారు. అనొచ్చు. అయితే అదే కంపెనీ పెట్టె మీదా, కస్టమర్ కేర్‌లోనూ ‘మీరు’ అంటుంటే ఇక్కడ ‘నువ్వు’ అనడం పొసగదు. ఇంగ్లిష్ ‘యూ’ ఆ నిర్ణయాన్ని మనకే వదిలేసింది. ఒకసారి తేల్చుకున్నాక మార్చకూడదు.

హామీల్లో అన్నిటికంటే మోసపుచ్చేది ‘డైలీ’. ‘రోజంతా’ అని రాసినవాళ్లున్నారు. డైలీ అంటే రోజూ వాడేది. సన్‌స్క్రీన్‌ను ఎండలో ఉన్నంతసేపూ సుమారు 2 గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి, కాబట్టి ‘రోజంతా’ అబద్ధమవుతుంది. SPF 50ను ‘50 రెట్లు రక్షణ’ అని విప్పి చెప్పబోకండి. 30 నుంచి 50కి వెళ్తే చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలను అడ్డుకోవడం సుమారు 97 శాతం నుంచి 98కి పెరుగుతుంది, అంతే. ట్యూబు మీద ఉన్న అక్షరాలనే ఉంచితే కొనేవాళ్లు పోల్చి చూసుకోగలరు. ‘డెర్మటాలజికల్లీ టెస్టెడ్’ను ‘డాక్టర్లు మెచ్చిన’ అనకూడదు. పరీక్షించారని చెప్పడం వేరు, మెచ్చారని చెప్పడం వేరు.

టైపు చేసేటప్పుడు ‘సన్‌స్క్రీన్’లో న-కారపొల్లు తర్వాత కనిపించని విడదీత అక్షరం పెట్టాలి. లేకపోతే అది ‘సన్స్క్రీన్’ అని ఒత్తులు పేరుకుని ఫోన్ తెరపై చదవలేనట్టు తయారవుతుంది.

చివరికి తేలిందిది:

‘తెల్లగా తేలదు. జిగటగా అంటదు. రాసుకోండి, ఎండలోకి పదండి. రోజూ వాడే సన్‌స్క్రీన్ జెల్, SPF 50 PA++++. చర్మవైద్యుల పర్యవేక్షణలో పరీక్షించినది.’

పోస్టు చేసేముందు దీన్ని ఇంగ్లిష్ చూడని ఒకరికి ఇచ్చి పైకి చదివించండి. ఈ జెల్ ఏం చేస్తుందో చెప్పమనండి. ట్యూబు మీద లేని సంగతి ఒక్కటి చెప్పినా, ఆ మాట ఎక్కడ పుట్టిందో వెతికి మార్చండి.