జాయినింగ్ బోనస్ వెనక్కి అడిగితే ఇవ్వాలా?

అపోహ: ఖాతాలో పడ్డాక అది నా డబ్బు. రాజీనామా చేసినంత మాత్రాన తిరిగిమ్మనడానికి వీల్లేదు.

అంతా ఆఫర్ లెటర్‌లోని ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంటుంది. ‘చేరిన 12 నెలల్లోపు తనంతట తాను మానేస్తే జాయినింగ్ బోనస్ తిరిగి చెల్లించాలి’ అని రాసి ఉండి, దాని కింద మీ సంతకం ఉంటే కంపెనీకి అడిగే హక్కుంది. ఆ వాక్యం ఎక్కడా లేకపోతే, రాజీనామా చేశాక హెచ్ఆర్ వాళ్లు ‘ఇది మా పాలసీ’ అని ఎన్ని మెయిళ్లు పంపినా కొత్తగా హక్కు పుట్టదు.

అపోహ: అలాంటి షరతు ఉద్యోగం మారే స్వేచ్ఛను అడ్డుకుంటుంది కాబట్టి కోర్టులో నిలవదు.

కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్‌ను చూపించి చాలామంది ఈ మాట అంటారు. 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. మూడేళ్లు పనిచేయాలి, ముందే మానేస్తే 2 లక్షల రూపాయలు కట్టాలి అన్న షరతుతో చేరిన ఒక సీనియర్ మేనేజరు గడువు తీరకుండానే మరో బ్యాంకుకు వెళ్లారు. ఉద్యోగంలో ఉన్న కాలానికి సంబంధించిన షరతు 27వ సెక్షన్ కిందికి రాదని, ఆయన హోదాకు 2 లక్షలు మోయలేని భారం కాదని కోర్టు తేల్చింది. అది బాండు కేసు, బోనస్ కేసు కాదు. అయినా జాయినింగ్ బోనస్ తీసుకున్నవారు సెక్షన్ 27ను నమ్ముకుని ధీమాగా ఉండకూడదు.

అలాగని కంపెనీ ఏ అంకె రాసుకుంటే అది చెల్లిపోదు. తీసుకున్న బోనస్ తిరిగివ్వడం వేరు, దానిపైన ‘నష్టపరిహారం’ పేరుతో మరో అయిదు లక్షలు అడగడం వేరు. 74వ సెక్షన్ ప్రకారం పరిహారం న్యాయసమ్మతంగా ఉండాలి, ఒప్పందంలో రాసిన అంకె దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే.

అపోహ: ఎంత తీసుకున్నామో అంతే తిరిగిస్తే సరిపోతుంది.

ఎక్కువమంది నలిగిపోయేది ఇక్కడే. హైదరాబాద్‌లో ఒక ఇంజినీరు సెప్టెంబరు 1న చేరి, ఆ నెల జీతంతో 3 లక్షల జాయినింగ్ బోనస్ అందుకున్నారనుకుందాం. 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 93,600 టీడీఎస్ పోయి, చేతికొచ్చేది 2,06,400. ఏప్రిల్ 30తో ఎనిమిది నెలలు పూర్తిచేసి మానేస్తే కంపెనీ అడిగేది 3 లక్షలు, ఎందుకంటే అది ఇచ్చింది అంతే. మార్చి 31 లోపు మానేసి ఉంటే, అదే ఆర్థిక సంవత్సరం కాబట్టి కంపెనీ జీతం లెక్క తగ్గించి టీడీఎస్ సర్దడం తేలిక. ఏడాది మారాక ఆ పన్ను వెనక్కి రావడం కష్టం. నోటీసు పే కోత విషయంలో అహ్మదాబాద్ ఆదాయపన్ను ట్రిబ్యునల్ 2017లో ఉద్యోగికి అనుకూలంగా తీర్పిచ్చింది కానీ, అక్కడిదాకా వెళ్లే ఓపిక ఎందరికుంటుంది? సంతకం పెట్టకముందే ‘పన్ను పోను చేతికొచ్చిన మొత్తం’ అని రాయించుకోవడమే మేలు.

ఇదే ఉదాహరణలో లెటర్‌లో ‘మిగిలిన నెలల దామాషాలో’ అని ఉంటే, నాలుగు నెలలకు గాను కట్టాల్సింది లక్షే. గడువును రాజీనామా ఇచ్చిన తేదీతో లెక్కిస్తారా, చివరి పనిదినంతో లెక్కిస్తారా అన్నదీ చూడాలి. పదో నెల చివర రాజీనామా ఇచ్చి 90 రోజుల నోటీసు పూర్తిచేసిన మనిషి మొదటి లెక్కలో బాకీదారు, రెండో లెక్కలో కాదు. కంపెనీయే లేఆఫ్ చేస్తే ‘తనంతట తాను మానేస్తే’ అన్న షరతు వర్తించదు.

అపోహ: జాయినింగ్ బోనస్ లాగే పెర్ఫార్మెన్స్ బోనస్ కూడా లాగేసుకోవచ్చు.

పెర్ఫార్మెన్స్ బోనస్ ఇచ్చేది అప్పటికే చేసిన పనికి. ఉదాహరణకు చెల్లింపు తేదీ నాటికి ఉద్యోగంలో ఉండాలి అనే షరతు వల్ల అది రాకుండా పోవచ్చు. వచ్చాక వెనక్కి తీసుకోవాలంటే మాత్రం స్పష్టమైన క్లాజు ఉండాలి. ఇక తక్కువ జీతాల వారికి చట్టం ఇచ్చే కనీసం 8.33 శాతం బోనస్ రాజీనామాతో పోదు. మోసం, హింస, దొంగతనం లాంటి కారణాలతో ఉద్యోగం నుంచి తొలగిస్తేనే పోతుంది.

అపోహ: డబ్బు కట్టకపోతే పోలీసు కేసు పెడతారు, పీఎఫ్ ఆపేస్తారు.

ఇది సివిల్ బాకీ. కంపెనీ లీగల్ నోటీసు పంపవచ్చు, మూడేళ్లలోపు దావా వేయవచ్చు, అంతే. ఈ బాకీ కింద పీఎఫ్‌ను, గ్రాట్యుటీని జమ వేసుకునే అధికారం దానికి లేదు. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం రాగానే లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్, చివరి నెల జీతం వరుసల్లో ఎంత కోశారో చూసి, ఒప్పుకోని కోత ఉంటే సంతకం పెట్టకముందే మెయిల్‌లో అభ్యంతరం రాయండి. రిలీవింగ్ లెటర్ కోసం తప్పనిసరై కట్టాల్సి వస్తే, ‘నా హక్కులు వదులుకోకుండా, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని అదే మెయిల్‌లో చేర్చండి. విజయా బ్యాంకు కేసులోని ఉద్యోగి కూడా అలా అభ్యంతరంతో కట్టాకే కోర్టుకు వెళ్లారు.