‘ఏం జరిగింది’ నుంచి ‘ఎందుకు జరిగింది’ దాకా

పెద్ద అంతరాయం తరువాత రాసే నివేదికలో రెండు భాగాలు ముఖ్యమైనవి. ఏ సమయానికి ఏం జరిగిందో మొదటిది చెబుతుంది, అలా ఎందుకు జరిగిందో ‘మూల కారణం’ అనే రెండోది చెప్పాలి. చాలా నివేదికల్లో రెండో భాగం మొదటిదాన్నే వేరే మాటల్లో చెప్పి ఊరుకుంటుంది. ‘ఉద్యోగి పొరపాటున డేటా చెరిపేయడంతో సైటు ఆగిపోయింది’ అన్న వాక్యం కారణంలా కనిపిస్తుంది. కానీ అదీ జరిగిన సంగతే.

ఈ తేడా బాగా తెలిసే ఉదంతం 2017 జనవరి 31 నాటిది. ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సైటులో ఒక ఇంజనీరు రెండో డేటాబేస్ సర్వర్‌ను ఖాళీ చేయబోయి, అసలు సర్వర్‌ను ఖాళీ చేశాడు. సైటు దాదాపు 18 గంటలు ఆగింది. సుమారు ఆరు గంటల డేటా తిరిగి రాలేదు. ఆ సంస్థ తన నివేదికను దాపరికం లేకుండా అందరి ముందూ పెట్టింది. అందులో మూల కారణాన్ని వెతికిన తీరు ‘ఐదు ఎందుకులు’. టొయోటా కర్మాగారాల్లో పుట్టిన ఈ పద్ధతిని తయీచి ఓనో తన పుస్తకంలో వివరించాడు: వచ్చిన ప్రతి జవాబునూ మళ్లీ ‘ఎందుకు?’ అని అడుగుతూ పోవడం.

చెరిగిన డేటాను తిరిగి తేవడానికి అంతసేపు ఎందుకు పట్టింది? ఆ గొలుసును మామూలు వచనంలో రాస్తే ఇలా ఉంటుంది: ‘పరీక్షల కోసం పక్కన ఉంచుకున్న నకలు నుంచి డేటా తేవలసి వచ్చింది. అది నెమ్మదైన యంత్రాల మీద ఉండటం వల్ల ఆలస్యమైంది. రోజువారీ బ్యాకప్ లేకపోవడం వల్లే ఆ నకలు దిక్కయింది. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది కాగా బ్యాకప్ తీసే `pg_dump` 9.2 వెర్షన్‌ది కావడంతో ఆ పని ప్రతిసారీ విఫలమైంది. విఫలమైనట్టు వెళ్లిన ఈమెయిళ్లకు సరైన ధ్రువీకరణ లేక అవి తిరస్కరణకు గురయ్యాయి, అందుకే ఎవరికీ తెలియలేదు. బ్యాకప్ పనిచేస్తోందో లేదో పరీక్షించే బాధ్యత ఎవరికీ అప్పగించకపోవడంతో, ఆ మౌనాన్ని ఎవరూ గమనించలేదు.’

ఇందులో ఇంజనీరు ప్రస్తావనే లేదు. అతడి చేయి తప్పకపోయినా బ్యాకప్ ఆ రోజూ ఖాళీగానే ఉండేది. మనిషి పొరపాటు దగ్గర ప్రశ్న ఆపేస్తే ఈ సంగతి బయటపడేదే కాదు.

గొలుసును అంకెలు వేసిన జాబితాగా కాక వచనంగా రాయడంలో పెద్ద లాభం ఉంది. జాబితాలో ఒక ప్రశ్నకూ తరువాతి ప్రశ్నకూ సంబంధం లేకపోయినా కన్ను దాటిపోతుంది. గిట్‌ల్యాబ్ జాబితాలోనే, పరీక్షల నకలు ఎందుకు అవసరమైందన్న ప్రశ్న తరువాత, రెండో సర్వర్‌కు ఎందుకు మారలేకపోయారన్న ప్రశ్న వస్తుంది. అది ముందు జవాబు లోపలికి దిగిన ప్రశ్న కాదు, పక్కన మొలిచిన మరో కొమ్మ. వచనంలో అక్కడ ‘దానివల్ల’ అన్న మాట అతకదు కాబట్టి రాసేవారికే ఆ సంగతి తెలిసిపోతుంది. అప్పుడు ఆ కొమ్మకు వేరే పేరా ఇవ్వాలి. గొలుసు పూర్తయ్యాక చివరి నుంచి మొదటికి ‘కాబట్టి’ పెట్టి చదివితే, ఎక్కడ ఊహ దూరిందో కూడా బయటపడుతుంది.

ఐదు అన్న అంకెకు పట్టింపు లేదు. బ్యాకప్ గొలుసులో ఆ సంస్థ ఎనిమిదిసార్లు అడిగింది. ఎక్కువసార్లు అడిగితే తప్పకుండా లోతుకు వెళ్తామనీ లేదు. సైటు ఎందుకు ఆగిందన్న వేరే గొలుసు ఇలా సాగింది: రెండో సర్వర్‌కు నకలు చేరడం ఆగింది, డేటాబేస్ మీద భారం పెరిగింది, ఆ భారంలో కొంత ఒక ఉద్యోగి ఖాతాను తొలగించే పని వల్ల వచ్చింది, ఆ ఖాతా మీద ఎవరో ఆకతాయి తప్పుడు ఫిర్యాదు చేశాడు. ప్రతి జవాబూ నిజమే. అయినా చివరిది ఈ ప్రమాదానికి దూరపు చుట్టం, ఎందుకంటే భారం రేపు మరో కారణంతోనూ పెరగగలదు. ఆ గొలుసులోని రెండో మెట్టు మీదే ఎక్కువసేపు నిలవాల్సింది. రెండో సర్వర్‌ను తిరిగి నిలబెట్టే పనిని చేత్తోనే చేయాలి, దాని తీరు సరిగా రాసి లేదు. రాత్రివేళ అలసిన మనిషి ఏ సర్వర్‌లో ఉన్నాడో పోల్చుకోలేని స్థితికి దారి అక్కడే ఉంది.

ఎక్కడ ఆపాలో తేల్చడానికి ఒక పరీక్ష చాలు: ఈ కారణాన్ని తొలగిస్తే ఇదే ప్రమాదం మళ్లీ జరగకుండా ఆగుతుందా, తొలగించడం తమ చేతిలో ఉందా? ఆకతాయి ఫిర్యాదు ఈ పరీక్షలో నిలవదు. బాధ్యత ఎవరికీ లేని బ్యాకప్ నిలుస్తుంది. డేటా భద్రతకు ఒక బాధ్యుణ్ణి నియమించడం, ఏ సర్వర్‌లో ఉన్నారో తెర మీదే స్పష్టంగా కనిపించేలా చేయడం ఆ సంస్థ తరువాత చేపట్టిన పనుల్లో ఉన్నాయి.